ఎర్ర గచ్చు గదికి గోడ రంగు: మేము రెండుసార్లు కొట్టిన కథ

పుత్తూరులో మేము ఆరుమంది కలిసి అద్దెకి తీసుకున్న గదికి నేల ఎర్ర గచ్చు. రెడ్ ఆక్సైడ్ అంటారు కదా, అదే. పాతకాలం మిద్దె ఇల్లు, తూర్పున ఒకే కిటికీ, పడమర వసారాలోకి ఒక తలుపు. పది అడుగులు వెడల్పు, పన్నెండు అడుగులు పొడుగు. డీఎస్సీకి చదువుకునేదానికి ఈ గది దొరికేసరికే మాకు చాలా రోజులు పట్టింది. మన పేరు, మన ఊరు, మన కులం అడిగి "మావాళ్లని అడిగి చెప్తాం" అని తలుపేసినవాళ్లే ఎక్కువ. ఈ ఓనరమ్మ మాత్రం ఒకే మాట చెప్పింది: "గోడలు మీరే బాగు చేసుకోండి, ఒక నెల అద్దె వద్దు. ఆ గచ్చు మీద మాత్రం చెయ్యి పెట్టొద్దండి, మా మామ కాలం నాటిది."

గోడలు చూస్తే మసి, చీలికలు, పాత మేకుల గుంతలు. తలా 500 రూపాయలు వేసుకున్నాము. మొత్తం 3000. రంగు, ప్రైమరు, లప్పం, బ్రష్షులు అన్నీ అందులోనే కావాల. కొట్టేది మేమే. మాలో పెద్దోడు సెలవుల్లో పెయింటర్ల దగ్గర హెల్పరుగా పోయినవాడు, వాడికి చెయ్యి తిరిగింది. కాబట్టి పని గురించి భయం లేదు. రంగు ఏది అనేదాని మీదే గొడవ. ఆ గొడవలో మేము మొదట తప్పు చేసినాము. ఆ తప్పు ఎందుకు జరిగిందో, ఎట్ల దిద్దుకున్నామో ఇక్కడ రాస్తున్నాము. మన పిల్లలు పాత ఇండ్లలో అద్దెకి దిగేవాళ్లు ఎక్కువ, పాత ఇండ్లలో ఎర్ర గచ్చులు ఎక్కువ.

మొదటిసారి మేము ఎంచుకున్నది పిస్తా పచ్చ. కారణం అందరికీ తెలిసిందే. ఆకుపచ్చ కంటికి చలవ, చదువుకునే గదికి మంచిది అని. అంగట్లో షేడ్ కార్డు ఇచ్చినారు. ఆ కార్డుని గదికి తెచ్చి గచ్చు మీద పెట్టి చూసినాము. అంగట్లో చూసినదానికంటే ఇంకా తాజాగా, చిగురాకు మాదిరి కనిపించింది. "ఎరుపు పక్కన పచ్చ ఎంత బాగుందో చూడరా" అని మా చిన్నోడు అన్నాడు, అందరం ఒప్పుకున్నాము. నాలుగు లీటర్ల డబ్బా తెచ్చి, గోడలు గీకి, లప్పం పెట్టి, ప్రైమరు కొట్టి, ఒక కోటు పిస్తా కొట్టేసినాము. 850 రూపాయలు ఆ డబ్బాకే పోయింది.

మరుసటి రోజు పొద్దున ఎనిమిదికి తలుపు తీస్తే గోడకి రెండు రంగులు ఉండాయి. పైన మిద్దె కప్పు దగ్గర పిస్తా పచ్చే. నడుము ఎత్తు నుంచి కిందికి వచ్చేకొద్దీ ఆ పచ్చ చచ్చిపోయి, బూడిద కలిసిన బురద రంగు. గోడ కింద భాగం తడిసి పాచి పట్టినట్టు ఉండాది. ముందుగా మాకు తట్టింది చెమ్మ అని. చెయ్యి పెట్టి చూస్తే పొడిగానే ఉంది. తరువాత డబ్బా సరిగ్గా కలపలేదేమో అనుకున్నాము. పెద్దోడు ఒప్పుకోలేదు. "నేను అడుగు నుంచి కలిపినా, డబ్బా తప్పు కాదు" అన్నాడు. సాయంత్రం చూస్తే ఆ మచ్చ సగం తగ్గిపోయింది. మళ్లీ పొద్దున వచ్చేసింది. ఒక పూట కనిపించి ఇంకో పూట తగ్గే మరక గోడలో ఉండదు కదా. వెలుగులో ఉండాలి.

దానికి పరీక్ష పెద్దోడే చెప్పినాడు. మా హాస్టలు దుప్పట్లు, పంచెలు, తెల్లగా ఏవి ఉంటే అవి తెచ్చి గచ్చు మొత్తం కప్పేసినాము. ఓనరమ్మ వచ్చి "ఏంది నాయనా, పెండ్లికి పరిచినారా?" అని నవ్వింది. గచ్చు కప్పగానే గోడ కింది భాగం మళ్లీ పిస్తా పచ్చ అయిపోయింది. గది కూడా ఒక్కసారిగా వెలుగొచ్చింది. దుప్పటి ఒక మూల లాగితే ఆ మూలలోనే గోడ బురదయింది. అప్పుడు తెలిసింది, గోడని చెడగొడుతున్నది నేల.

ఎట్లంటే ఇట్ల. పొద్దున కిటికీలోంచి వచ్చే ఎండ ముందు పడేది గోడ మీద కాదు, నేల మీద. నేల మీద పడి అక్కడి నుంచి గోడలకి ఎగురుతుంది. ఎర్ర గచ్చులో ఉండేది ఇనుము తుప్పు జాతి పొడి, ఐరన్ ఆక్సైడ్. అది తెల్లటి వెలుగులో నీలాన్ని, ఆకుపచ్చని ఎక్కువగా మింగేసి, ఎరుపు, నారింజ వైపు ఉండే వెలుగుని మాత్రం వెనక్కి పంపుతుంది. అంటే మన గోడ కింది భాగానికి అందేది తెల్లటి వెలుగు కాదు, ఎర్రబారిన వెలుగు. పచ్చ రంగు గోడ పచ్చగా కనిపించాలంటే దాని మీద పచ్చ వెలుగు పడాల. పడేదాంట్లో పచ్చే తక్కువైతే అది దేన్ని తిప్పి చూపిస్తుంది? అందుకే బురద. పైకి పోయేకొద్దీ నేల నుంచి వచ్చే వెలుగు తగ్గి, ఆకాశం వెలుగు, ఎదురు గోడ వెలుగు కలుస్తాయి, కాబట్టి పైన పచ్చ బతికింది. సాయంత్రం మా కిటికీలో ఎండ ఉండదు, నేల మీద సూటిగా పడేది ఏమీ లేదు, కాబట్టి మచ్చ తగ్గింది.

మరి షేడ్ కార్డు మమ్మల్ని ఎందుకు మోసం చేసింది? కార్డుని నేల మీద పడుకోబెట్టినాము. పడుకున్న కార్డు మీద పడేది కిటికీ నుంచి నేరుగా వచ్చే వెలుగు, నేల నుంచి ఎగిరే వెలుగు కాదు. పైగా చుట్టూ ఎరుపు ఉంటే మధ్యలో ఉండే చిన్న పచ్చ ముక్క మన కంటికి ఉన్నదానికంటే ఎక్కువ పచ్చగా కనిపిస్తుంది. ఎర్ర చీరకి పచ్చ అంచు మెరిసేది అందుకే. నేల మీద పెట్టిన కార్డు నేల పక్కన ఎట్ల కనిపిస్తుందో చెప్తుంది. నేల వెలుగులో నిలబడితే ఎట్ల ఉంటుందో చెప్పదు. గోడ పడుకోదు, నిలబడుతుంది. ఈ ఒక్క సంగతి ముందే తెలిసుంటే మా 850 మిగిలేది.

డబ్బులు ఇంకా 1100 దాకా చేతిలో ఉన్నాయి. ఈసారి తప్పు చేస్తే ఇంక తలా ఎంత వేసుకోవాలో, ఎవరి దగ్గర ఉండాదో లేదో. అందుకని రెండో డబ్బా కొనకముందు నాలుగు రోజులు ఆగినాము.

ఆ ఆగిన రోజుల్లో మొదట చేసింది గచ్చు కడగడం. ఇది ముందే చెయ్యాల్సింది. ఏండ్లుగా నూనె మడ్డి, దుమ్ము పట్టి మా గచ్చు నల్లటి మైల రంగులో ఉండింది. కడిగితే అసలు రంగు బయటికి వచ్చింది, ఇంకొంచెం ఎరుపు, ఇంకొంచెం వెలుగు. నేల రంగు మారితే గోడకి ఎగిరే వెలుగు కూడా మారుతుంది. కాబట్టి మైల నేల చూసి గోడ రంగు ఎంచుకుంటే, కడిగిన రోజు లెక్క తప్పుతుంది. సబ్బు నీళ్లు, కొబ్బరి పీచు చాలు. బాత్రూములు కడిగే యాసిడ్ మాత్రం పొయ్యొద్దండి. గచ్చు అంటే పైన ఉండేది సిమెంటు పొర, యాసిడ్ దాన్ని తినేస్తుంది, నున్నటి పాలిష్ పోయి గరుకు తేలుతుంది, మళ్లీ రాదు. ఇంకోటి, తడి గచ్చు ముదురుగా కనిపిస్తుంది. పూర్తిగా ఆరినాకే చూడాల.

కడిగేటప్పుడు మా అక్కోళ్ల అవ్వ వచ్చింది. ఆమె వయసులో ఉన్నప్పుడు మేస్త్రీల దగ్గర కూలికి పోయి ఇట్లాంటి గచ్చులు వేసిన మనిషి. మేస్త్రి సిమెంటులో ఎర్ర పొడి కలిపి పైపొర పరిచి, ఇనప కరణితో నున్నగా లాగుతా ఉంటే, వెనకే కూర్చొని రుద్దేది ఆడోళ్లంట. ఆరినాక కొబ్బరి నూనె పట్టించేది కూడా వాళ్లే. "ఒక గది గచ్చు అయ్యేసరికి వేళ్ల చర్మం లేచిపొయ్యేది" అని చేతులు చూపించింది. ఓనరమ్మ "మా మామ కాలం నాటిది" అన్న గచ్చుని ఎవరో మన అవ్వలాంటి మనిషే రుద్ది ఉంటుంది అని అప్పుడు మాకు అనిపించింది. ఆ తరువాత ఆ గచ్చుకి తగ్గట్టు గోడ రంగు వెతకడం మాకు తక్కువ పని అనిపించలేదు.

అవ్వ ఒక సలహా కూడా ఇచ్చింది. "తెల్ల సున్నం కొట్టండి నాయనా, దాంట్లో చిటికెడు నీలిమందు వెయ్యండి, మల్లెపువ్వు మాదిరి ఉంటాది." మనందరి ఇండ్లలో పండగకి సున్నం కొట్టే పద్ధతి అదే. మేము కాదనలేదు, కానీ ఈసారి గోడ మీద కాకుండా అట్ట మీద చూద్దామనుకున్నాము.

ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె ఒకటి అంగట్లో అడిగి తెచ్చుకొని, రెండడుగులు పొడుగు, రెండడుగులు వెడల్పుతో నాలుగు ముక్కలు కోసినాము. అట్ట గోధుమ రంగు పైకి తెలియకుండా ముందు తెల్ల చార్టు కాగితం అంటించినాము. ఒకదానికి ఉత్త తెలుపు. రెండోదానికి నీలిమందు కలిపిన తెలుపు. మూడోదానికి క్రీము. నాలుగోది పెద్దోడి ఆలోచన: తెలుపులో కొంచెం పసుపు స్టెయినరు, దాంట్లో నలుపు చుక్క. ఒక్కోదానికి రెండు కోట్లు, పూర్తిగా ఆరనిచ్చినాము, ఎందుకంటే తడి రంగు వేరు, ఆరిన రంగు వేరు. సున్నమైతే మరీను, తడిమీద ఏమీ లేనట్టు ఉండి ఆరినాక తెల్లగా తేలుతుంది.

ఈ నాలుగు అట్టల్ని గోడకి ఆనించి, కింది అంచు గచ్చుకి తగిలేటట్టు నిలబెట్టినాము. అదే ముఖ్యం. మొదటి రోజు కిటికీకి ఎదురు గోడకి, రెండో రోజు కిటికీ ఉండే గోడకి. పొద్దున ఎనిమిదికి, మధ్యాహ్నం పన్నెండుకి, సాయంత్రం ఐదుకి, రాత్రి ట్యూబులైటు కింద, రోజుకి నాలుగుసార్లు చూసి నోటుబుక్కులో రాసుకున్నాము. చూసేటప్పుడు ఒక తెల్ల ఏ4 కాగితం చేత్తో పట్టుకొని కిటికీ వైపు తిప్పి, దాని పక్కన అట్టని చూసేవాళ్లం. ఎందుకంటే గదిలో పది నిమిషాలు ఉంటే కన్ను ఆ ఎరుపుకి అలవాటు పడిపోతుంది, అన్నీ తెల్లగానే ఉన్నట్టు అనిపిస్తుంది. బయటి వెలుగు పడిన కాగితం పక్కన పెడితే దొంగతనం దొరికిపోతుంది.

మేము రాసుకున్నది ఇది. ఉత్త తెలుపు అట్ట పొద్దున కింది భాగంలో గులాబీ రంగు, పైభాగంలో తెలుపు. అసహ్యంగా లేదు, కానీ ఒకే గోడలో రెండు రంగులనే సమస్య మళ్లీ వచ్చింది. క్రీము అట్ట పొద్దున నారింజ అయిపోయింది. పసుపు రంగు మీద ఎర్ర వెలుగు పడితే అంతే కదా. మా ఊరి ఎండాకాలం తెలుసు, మిద్దె కింద గది ఎట్ల కాలుతుందో తెలుసు. ఆ రంగు చూస్తేనే చెమట పట్టేటట్టు ఉంది. నీలిమందు అట్ట పన్నెండుకి బాగానే ఉండి, పొద్దున మాత్రం లేత వంకాయ రంగుకి తిరిగింది. నీలం, ఎరుపు కలిస్తే ఊదా. అవ్వని పిలిచి చూపిస్తే చాలాసేపు చూసి, "అయ్యో, ఇదేందిరా, కనకాంబరాల పక్కన పెట్టినట్టు ఉండాది" అని నవ్వింది. తరువాత ఆమే చెప్పింది: "మా ఇండ్లల్లో గచ్చులు యాడివి నాయనా, పేడతో అలికిన నేల కదా." నిజమే. నీలిమందు పని ఏమంటే సున్నంలో ఉండే కొద్దిపాటి పసుపుని కొట్టెయ్యడం. పేడ అలికిన నేల పచ్చ, గోధుమ కలిసిన మసక రంగు, దాని నుంచి ఇంత ఎరుపు ఎగరదు. అక్కడ నీలి సరిపోతుంది. ఎర్ర గచ్చు గదిలో కొట్టెయ్యాల్సింది పసుపుని కాదు, గులాబీని.

గులాబీని కొట్టేది ఏది? పచ్చే. కానీ మొదట చేసినట్టు కనిపించేంత పచ్చ కాదు, పచ్చ ఉందని తెలియనంత పచ్చ. పెద్దోడి నాలుగో అట్ట పనిచేసింది అందుకే. పసుపు ఆక్సైడ్ స్టెయినరులో నలుపు చుక్క పడితే అది కొంచెం ఆలివ్ వైపు, అంటే పచ్చ, బూడిద కలిసిన వైపు తిరుగుతుంది. పెయింటర్లకి ఇది తెలుసు. దాన్ని తెలుపులో చాలా కొద్దిగా కలిపితే గచ్చు లేని గదిలో చూసినప్పుడు కొంచెం మసక తెలుపులా, "ఇదేం రంగు" అనేటట్టు ఉంటుంది. మేము మొదట వసారాలో చూసి వద్దనుకున్నాము కూడా. గదిలో నిలబెడితే కింది భాగం లేత వెన్న రంగు, పైభాగం మెత్తటి తెలుపు, రెండింటికీ తేడా పెద్దగా తెలియదు. నేల ఇచ్చే ఎరుపుని ఆ కొద్ది పచ్చ సర్దేసింది. నాలుగు పూటల్లోనూ తక్కువగా మారిన అట్ట ఇదే. ఏ పూట చూసినా ఒకే గోడలా ఉండింది.

ఇక్కడ మాకు ఇంకో వాదన నడిచింది. మా అక్క అడిగింది: "గదికి ఒకే కిటికీ. ఉత్త తెలుపు కొడితేనే కదా ఎక్కువ వెలుగు. మీ మసక తెలుపు వెలుగు తినదా?" తింటుంది, కొద్దిగా. ఎర్ర గచ్చు మామూలుగానే వెలుగు బాగా తినే నేల, దుప్పట్లు పరిచినప్పుడు గది ఎంత తెల్లబడిందో చూసినాము కదా. అందుకని మధ్యదారి పట్టినాము. మిద్దె కప్పుకి ఉత్త తెలుపు, గోడలకి మసక తెలుపు. కప్పు నేలకి దూరం, పది అడుగుల ఎత్తు. అక్కడ గులాబీ పడినా తలెత్తి ఎవరూ పోల్చి చూడరు. అదే ఉత్తరం నుంచి మాత్రమే వెలుగొచ్చే గది అయితే, నేల మీద సూటిగా ఎండ పడేది తక్కువ కాబట్టి ఈ గులాబీ గొడవ కూడా చాలా తక్కువ. అట్లాంటి గదికి మా లెక్క అక్కర్లేదు, ఉత్త తెలుపే మేలు.

కలపడం గురించి చెప్తాము. గోడల చుట్టుకొలత 44 అడుగులు, ఎత్తు 10, అంటే 440 చదరపు అడుగులు. తలుపు, కిటికీ తీసేస్తే 400. రెండు కోట్లకి లీటరుకి వంద నుంచి నూటిరవై చదరపు అడుగులు వస్తుంది కాబట్టి నాలుగు లీటర్లు. తెల్ల ఎమల్షన్ నాలుగు లీటర్లకి మేము కలిపింది పది మిల్లీలీటర్ల పసుపు ఆక్సైడ్ స్టెయినరు, ఒక మిల్లీలీటరు నలుపు. మందుల షాపులో సూది లేని సిరంజి కొని దాంతో కొలిచినాము. బాటిల్ వంచి "కొంచెం" అని పోస్తే నలుపు ఒక్క చుక్క ఎక్కువైనా గోడ సిమెంటు రంగు అయిపోతుంది. నలుపుని నేరుగా డబ్బాలో వెయ్యకుండా ఒక గ్లాసు రంగులో ముందు కలిపి, ఆ గ్లాసుని డబ్బాలో పోసి అడుగు నుంచి పది నిమిషాలు తిప్పినాము. అంతా ఒకేసారి కలపాల. చాలకపోతే మళ్లీ కలుపుదాం అంటే ఆ రంగు ఇంక రాదు, ఎంత కొలిచినా గోడ మీద అతుకు తెలుస్తుంది. చిన్న సీసాలో కొంచెం పక్కన దాచి పెట్టుకున్నాము, ఎందుకో కింద చెప్తాము. ఈ కొలత మా డబ్బాకి, మా గచ్చుకి సరిపోయింది. మీ గచ్చు ఇంకా ముదురైతే అట్ట మీద మార్చి చూసుకోండి.

రంగు మ్యాట్ రకమే తీసుకున్నాము. మెరిసే రంగు తుడుచుకునేదానికి బాగుంటుంది గానీ, నున్నగా ఉండే గోడ మీద గచ్చు నీడ అద్దంలో మాదిరి ఎర్రగా కనిపిస్తుంది. పాత గోడ ఎగుడుదిగుడులు కూడా దాంట్లో బయటపడతాయి.

మ్యాట్‌కి ఉండే కష్టం మరక. మేము కింద చాపలేసుకొని గోడకి ఆనుకొని చదువుతాము. తల నూనె, వీపు చెమట మూడడుగుల ఎత్తులో అచ్చు పడతాయి. చాలా ఇండ్లలో ఈ భాగానికి ముదురు రంగు పట్టీ కొడతారు. మన ఇండ్లలో కూడా కింద ఎర్రమన్ను, పైన సున్నం ఉంటుంది కదా. మాలో ఇద్దరు అదే కొడదామన్నారు. అట్టని ఎర్రమన్ను రంగుతో పూసి నిలబెట్టి చూసినాము. నేల గోడ మీదికి ఎక్కినట్టు అనిపించింది, గది పల్లంలోకి దిగినట్టు. పుస్తకం పట్టుకొనే ఎత్తులో వెలుగు కూడా తగ్గింది. ఆరు బయట అరుగుకి, గుడిసె గోడకి అందం ఇచ్చే పట్టీ, ఒకే కిటికీ ఉండే గదిలో వెలుగు దొంగ అయిపోయింది. శ్రీకాకుళం వైపు సవరలు ఎర్రమన్ను పూసిన గోడ మీద బియ్యప్పిండి తెలుపుతో బొమ్మలు వేస్తారు కదా, ఆ తెలుపు అంత బాగా మెరిసేది ఎరుపు ఎక్కువగా, తెలుపు తక్కువగా ఉన్నందుకే. చదివే గదికి మాకు కావలసింది దానికి తిరగేసిన లెక్క. అందుకని గచ్చుతో పాటు గోడ మీదికి ఆరంగుళాలు ఎక్కిన పాత ఎర్ర అంచుని అట్లనే ఉంచి, దాని పై నుంచి మసక తెలుపే కొట్టినాము. మరక పడిన చోట కొట్టుకునేదానికే ఆ సీసా దాచింది.

తలుపు మాత్రం ముదురు ఆకుపచ్చ, పాతది. అది మార్చలేదు, బాగానే ఉంది. పచ్చ అంటేనే ఎర్ర గచ్చుకి పడదు అనుకోవద్దండి. చెడేది లేత పచ్చ. ముదురు పచ్చ ముందే చీకటి రంగు, కొంచెం ఎర్ర వెలుగు పడినా దాంట్లో మార్పు తెలియదు.

కొట్టే ముందు గచ్చు మొత్తం పాత చీరలు పరిచి, అంచు వెంబడి టేపు వేసినాము. అయినా రెండు చోట్ల చుక్కలు పడినాయి. పడిన వెంటనే తడి గుడ్డతో తుడిస్తే పోయినాయి. మరుసటి రోజు చూసుకున్న ఒక చుక్క మాత్రం గోరుతో గంటసేపు గీకితే గానీ పోలేదు. కత్తి పెట్టలేదు, అవ్వ చేతులు గుర్తుకొచ్చినాయి.

ఓనరమ్మ వచ్చి చూసి గోడలని ఏమీ అనలేదు. "గచ్చు ఇంత ఎర్రగా ఉండేదని మరిచిపొయినాను" అనింది. రెండు వారాల తరువాత మళ్లీ పిలిచింది. వాళ్లు కట్టుకున్న కొత్త ఇంట్లో ముందు హాలుకి రాజస్థాన్ నుంచి వచ్చిన ఆకుపచ్చ మార్బుల్ వేయించినారు. దానికి మ్యాచింగ్ అని గోడలకి లేత పచ్చ కొట్టించాలని ఉంది, మీరేమంటారు అని అడిగింది. అదే తెల్ల కాగితం తీసుకొని పోయినాము. కిటికీ దగ్గర నేల పక్కన నిలబెడితే కాగితానికి కింద లేత పచ్చ నీడ. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. నేలే పచ్చ వెలుగు పంపుతా ఉంటే, గోడ కూడా పచ్చయితే ఆ గదిలో కూర్చున్న మనిషి మొఖం జ్వరం వచ్చి లేచినట్టు ఉంటుంది. ఓనరమ్మనే ఆ మూల కూర్చోబెట్టి ఫోన్లో ఫోటో తీసి చూపించినాము. ఫోటో చూసి పచ్చ వద్దనేసింది.

ఆ హాలుకి తెలుపులో ఎర్ర ఆక్సైడ్ స్టెయినరు కొద్దిగా, పసుపు కొద్దిగా వేసి అట్ట మీద చూపించినాము. మా గదిలో పచ్చ ఉందని తెలియనంత పచ్చ వేస్తే, అక్కడ ఎరుపు ఉందని తెలియనంత ఎరుపు. ఒక తేడా గమనించినాము. మార్బుల్ అద్దంలా పాలిష్ అయింది. అట్లాంటి నేల కిటికీని తెల్లగానే తిప్పి చూపిస్తుంది, ఆ మెరుపుకి రాతి రంగు అంటదు. అందుకే గోడకి ఎక్కే పచ్చ మేము భయపడినంత లేదు. మా గచ్చు ఏండ్లు అరిగి మెరుపు తగ్గింది, ఎరుపు బాగా ఎక్కుతుంది. కాబట్టి అక్కడ స్టెయినరు ఇంకా తక్కువ చాలింది. ఆ హాలు కొట్టే పని కూడా మాకే ఇచ్చింది. ఇద్దరం ఆదివారాలు పోయి కొట్టినాము. వచ్చిన కూలిలో మొదటి డబ్బా 850 తిరిగి అందరి లెక్కలో వేసినాము.

మిగిలిన పిస్తా పచ్చ డబ్బా వెనక బాత్రూముకి పనికొచ్చింది. దాని నేల సిమెంటు, బూడిద రంగు. అక్కడ ఆ పచ్చ షేడ్ కార్డులో ఎట్ల ఉందో అట్లనే ఉండాది.

ఇప్పుడు పొద్దున ఎనిమిదికి ఎండ గచ్చు మీద పడుతుంది, గోడ కింద కొంచెం వెన్న రంగు తిరుగుతుంది, తొమ్మిదిన్నరకి పోతుంది. అది చూసి మా చిన్నోడు టైము చెప్తాడు. గోడకి మూడడుగుల ఎత్తులో ఆరు తలల మరకలు అప్పుడే మొదలైనాయి, సీసాలో రంగు ఉంది. మీలో ఎవరైనా ఎర్ర గచ్చు గదిలో దిగి ఉంటే, డబ్బా కొనకముందు ఒక అట్ట నిలబెట్టి పొద్దున చూడండి. పడుకోబెట్టొద్దు.